కుక్కర్లో మటన్ సాగుతాంటే నేను మార్చిన పద్ధతి

మాది కడప, ఆదివారం సంగటిలోకి మటన్ పులుసు ఉండాల్సిందే. నేనేమో పెద్ద మంట మీద 5 విజిల్స్ రాగానే దింపి, గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేసేదాన్ని, ముక్క నమిలితే రబ్బరే. పైగా మెత్తగుంటాదని తొడకండే తెచ్చేదాన్ని. ఇప్పుడు ఎముకతో ఉండే ముందుకాలు, భుజం ముక్కలు అడుగుతా, వాటిలో తెల్లటి జిగురు పొరలు నిదానంగా ఉడికితేనే కరిగి పులుసు కూడా చిక్కబడుతుంది. కిలోకి పెద్ద గ్లాసు నీళ్లు పోసి, మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి 20 నిమిషాలు, అక్కడినుంచి విజిల్స్ లెక్కపెట్టను, సన్నమంటలో ఒక్కో కుక్కర్ ఒక్కో తీరుగా కూస్తుంది. ఆవిరి దానంతటదే పోయినాక ముక్కని వేళ్లతో నొక్కి చూస్తా, ఎముక నుంచి విడిపోవాల. సాగితే ఇంకో 5 నిమిషాలు, ముదురు పొట్టేలైతే ఇంకా ఎక్కువే పడుతుంది.