మనోవర్తి పిటిషన్‌కు ముందు చూసుకోవాల్సినవి

2020లో రజనేష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆస్తి, అప్పు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ భార్యాభర్తలిద్దరూ వేయాల్సిందే. నల్లగొండలో వేసినా, మహబూబ్‌నగర్‌లో వేసినా అంతే.

– ఆదాయం "లేదు" అని రాసే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. జాకెట్లు కుట్టిన డబ్బులు యూపీఐలో పడితే అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. అబద్ధం తేలితే మిగతా నిజాలూ నిలవవు, పైగా తప్పుడు ప్రమాణం కేసు. నెలకు రెండు వేలొస్తే అదే రాయండి. అంతమాత్రాన మనోవర్తి పోదు.

– ఏడాదికొకసారి కట్టేవి నెలకు పంచండి. పిల్ల ఫీజు 36,000 అయితే నెలకు 3,000. చాలామంది మరిచేది ఇదే. కిరాయి, మందులకు రసీదులు జతచేయండి. ఉజ్జాయింపు లెక్కలను జడ్జి కోసేస్తారు.

– పుట్టింట్లో ఉంటే కిరాయి రాయకండి. అమ్మానాన్న భరిస్తున్నారని చెప్పండి.

– భర్తకు పొలముంటే సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు, పంట రాయండి. "బాగా సంపాదిస్తాడు" అంటే చాలదు. జీతం కాగితం దొరక్కపోతే అంచనా అనే రాసి, ఆ కాగితం చూపించేలా ఆయన్ను ఆదేశించమని కోర్టును కోరండి.

– గృహహింస కేసులో ఇప్పటికే డబ్బు మంజూరైతే దాచొద్దు. దాన్ని లెక్కలో సర్దుతారు.