సోడియం సగటు జారిపోతోంది, కంట్రోల్ మాత్రం పాస్ అవుతోంది: తప్పు ఎక్కడ?

సమస్య: ల్యాబ్‌లో ఉదయం 7 గంటలకు క్యూసీ బాగానే వచ్చింది, అంటే విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌ని మెషీన్ సరిగ్గానే చదివింది. 11:30కి చూస్తే చివరి 30 మంది పేషెంట్ల సోడియం మూవింగ్ యావరేజ్ 139 నుంచి 136.2కి దిగిపోయింది. అలారం మోగింది. కంట్రోల్ మళ్లీ వేస్తే 137.4 వచ్చింది; దాని టార్గెట్ 140, ఎస్‌డీ 1.5 కాబట్టి రెండు ఎస్‌డీల లోపలే ఉంది, అంటే పాస్. చాలామంది ఇక్కడే "అలారమే తప్పు" అని దాన్ని ఆపేస్తారు. అలా చేయొద్దు. ఒక్క కంట్రోల్ రీడింగ్ 2.6 తగ్గడం మామూలు ఊగిసలాటలా కనిపించొచ్చు గానీ, 30 మంది సగటు అంత కిందకి ఊరికే రాదు.

అయితే ముందు పేషెంట్లే మారారేమో చూడండి. డయాలసిస్ వార్డు నుంచో ఐసీయూ నుంచో ఒక ట్రే నిండా శాంపిల్స్ వచ్చి ఉంటే సగటు దానంతటదే పడిపోవచ్చు, మెషీన్‌ది ఏ తప్పూ ఉండదు. ఓపీ పేషెంట్లను మాత్రమే విడిగా తీసి సగటు చూడండి. అది కూడా తగ్గి ఉంటే ఇక మెషీన్ మీదే అనుమానం. ఉదయం 7 గంటల ప్రాంతంలో రన్ చేసి, మూత పెట్టి దాచిన ఐదు శాంపిల్స్ మళ్లీ వేయండి (మూత లేకుండా వదిలేసినవైతే నీరు ఆవిరై సోడియం పెరిగినట్టు చూపిస్తుంది, అవి పనికిరావు). మా దగ్గర ఐదూ 2 నుంచి 3 మిల్లీమోల్ తక్కువ వచ్చాయి.

కారణం: ఇప్పుడు క్లోరైడ్ సగటు చూడాలి. సోడియం ఒక్కటే తగ్గితే ఆ ఎలక్ట్రోడ్‌ని అనుమానించండి. సోడియం తగ్గి క్లోరైడ్ పెరిగితే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, ఎందుకంటే దాని వోల్టేజ్ జరిగితే పాజిటివ్, నెగటివ్ అయాన్లు ఎదురెదురు దిక్కులకి పోతాయి. రెండూ ఒకే శాతం తగ్గితే డైల్యూషన్ తేడా, అంటే మెషీన్ శాంపిల్‌ని పలచన చేసే పాళ్లలో తేడా: మాది అదే, క్లోరైడ్ 103 నుంచి 101కి వచ్చింది. పొటాషియం కూడా 2 శాతం తగ్గే ఉంటుంది, కానీ 4.2 మీద అది 0.1 కూడా కాదు, పేషెంట్ల తేడాల్లో కలిసిపోతుంది. పొటాషియం బాగానే ఉందని నమ్మేయకండి.

పరిష్కారం: శాంపిల్ ప్రోబ్ తీసి చూస్తే ఫైబ్రిన్ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, సీరం కొంచెం తక్కువ లాగుతోంది, అంతే. శుభ్రం చేసి, క్యాలిబ్రేట్ చేసి, క్యూసీ వేసి, ఆ ఐదు శాంపిల్స్‌ని మళ్లీ రన్ చేసి పాత విలువలతో సరిపోల్చాం. తర్వాత మూవింగ్ యావరేజ్‌ని రీసెట్ చేయాలి, లేకపోతే పాత చెడ్డ 30 విలువలూ బయటికి పోయేదాకా అలారం మోగుతూనే ఉంటుంది. చివరిగా, అలారం మోగిన చోటు నుంచి కాకుండా సగటు జారడం మొదలైన చోటు దాకా వెనక్కి వెళ్లి శాంపిల్స్ రీరన్ చేయండి, రీరన్ విలువ మొదట ఇచ్చిన విలువతో సరిపోయే వరకు; తేడా ఉన్న రిపోర్టులన్నీ సవరించి పంపండి.