జపమాల లెక్క తప్పుతోందా? ముందు పూసలు లెక్కపెట్టండి, తర్వాత మాల ఎటు తిరుగుతోందో చూడండి

లక్షణం ఇలా ఉంటుంది. అదే మంత్రం, అదే మాల, అదే వేగం. అయినా ఒక మాల ఐదున్నర నిమిషాల్లో అయితే, ఇంకొకటి నాలుగు నిమిషాలకే మాల మొదలూ చివరా తెలిపే మేరువు పూస దగ్గరికి వచ్చేస్తుంది. ఒక్కోసారి ఏడు నిమిషాలైనా తెమలదు. "మనసు నిలవడం లేదు, అందుకే" అని సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ. మనసు సంగతి తర్వాత. ముందు చేతిలో ఉన్న మాలను చూడాలి.

మొదటి పని: మేరువును వదిలేసి మిగతా పూసలు లెక్కపెట్టండి, 108 ఉండాలి. పట్టుమని రెండు నిమిషాల పని. పదేళ్ళుగా జపం చేస్తున్నా ఒక్కసారి కూడా లెక్కపెట్టనివాళ్ళను నేను చాలామందిని చూశాను. కొన్నప్పుడే 107 ఉన్న మాలలు, అంటే మేరువుతో కలిపి 108 కట్టినవి, నా చేతికి వచ్చాయి. దారం తెగినప్పుడు ఇంట్లోనే మళ్ళీ గుచ్చుకుంటే, మంచం కిందికి దొర్లిపోయిన ఒకటి రెండు పూసలు లెక్కలోంచి జారిపోతాయి. మేరువు మిగతా పూసలంతే ఉండి కింద కుచ్చు కూడా లేకపోతే, వేలికి తెలియకుండా దాన్ని దాటేసి రెండో చుట్టులోకి వెళ్ళిపోతారు. ఏడు నిమిషాల మాలలకు ఇదొక కారణం. మేరువుగా కాస్త పెద్ద పూస వేయించి కుచ్చు కట్టించుకుంటే ఆ బాధ తీరుతుంది.

పూసలు సరిగ్గా 108 ఉండి, మేరువు చక్కగా తెలుస్తూ ఉన్నా లెక్క తప్పుతోందంటే, అసలు దొంగ వేరే ఉంది. నేను రెండేళ్ళు దీన్ని పట్టుకోలేకపోయాను.

కావలిలో మా పిన్నమ్మ రోజూ తెల్లవారుజామున ఓం నమో నారాయణాయ పది మాలలు చేస్తుంది. తులసి మాల, గోముఖి సంచి, ఎడమ పక్కన చిన్న గిన్నెలో పది చింతగింజలు. మాల పూర్తయినప్పుడల్లా ఒక గింజ తీసి పక్కన పెడుతుంది. "ఒకరోజు ముందే అయిపోతోందిరా, ఇంకోరోజు తెల్లారిపోతోంది, నాకేమైనా మతిమరుపా?" అని భయపడింది. "పిన్నమ్మా, రేపు ఒక్క పూట గడియారం ఎదురుగా పెట్టుకో, గింజ తీసినప్పుడల్లా టైం నేను రాస్తాను" అన్నాను. ఆమె మంత్రానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. అంటే 108 మంత్రాలకు ఐదున్నర నిమిషాలు కావాలి. ఏడు మాలలు అచ్చంగా అంతే తీసుకున్నాయి. రెండు నాలుగేసి నిమిషాల్లో ముగిశాయి. ఒకటి ఏడు నిమిషాలు పట్టింది. ఆ మూడింట్లోనూ మధ్యలో ఆమె చెయ్యి ఆగింది. పాలవాడు పిలిస్తే ఒకసారి లేచింది, ఒకసారి పైట సర్దుకుంది, ఒకసారి చిన్న కునుకు పట్టింది.

జరిగింది ఇది. చెయ్యి ఆగినప్పుడు మాల వేలి మీద నుంచి జారి సంచి అడుగున పడుతుంది. మళ్ళీ తీసుకున్నప్పుడు ఆగిన చోటు దొరకవచ్చు, దిక్కు దొరకదు. పూసలు ఎటు చూసినా ఒకలాగే ఉంటాయి కాబట్టి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తున్నా వేలికి తెలియదు. 40వ పూస దగ్గర ఆగి వెనక్కి తిరిగితే ఇంకో 40కి మేరువు తగులుతుంది. మాల పూర్తయిందని గింజ తీస్తారు, కానీ చేసింది 80. అదే 70 దగ్గర తిరిగితే 140 అవుతుంది. మూడేసి సెకన్ల లెక్కన నాలుగు నిమిషాలు, ఏడు నిమిషాలు. పిన్నమ్మ గడియారం చూపించింది కూడా అవే. సంచిలో చెయ్యి పెట్టి చేసేవాళ్ళకు మాల కనిపించదు కాబట్టి ఈ తప్పు ఎక్కువ.

మా వైపు పెద్దలు మాలకు 100 మాత్రమే లెక్కలోకి తీసుకుని, మిగతా 8 తప్పులకూ తడబాట్లకూ వదిలేస్తారు. పది మాలలు చేసి వెయ్యి అనుకోవడం అందుకే. ఒకటి రెండు పూసలు జారితే ఆ 8 కాపాడుతుంది. 28 తగ్గితే కాపాడదు. మండలం పట్టి సంఖ్యతో సంకల్పం చేసుకున్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మీకూ ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడానికి దారం ముక్క చాలు. మేరువుకు ఒక పక్క 8వ పూస తర్వాత సన్నటి నూలు దారంతో ఒక ముడి వేయండి. రెండో పక్క కూడా 8వ పూస తర్వాత రెండు ముళ్ళు వేయండి. రంగు దారాలు వద్దు, సంచిలో రంగు కనబడదు, ముడి వేలికి తగులుతుంది. మాల సరిగ్గా నడిస్తే మొదట్లో ఒక ముడి తగిలితే చివర్లో రెండు ముళ్ళు తగలాలి, లేదా ముందు రెండు, చివర ఒకటి. మొదట్లో తగిలిందే చివర్లోనూ తగిలిందంటే మధ్యలో వెనక్కి తిరిగారన్నమాట. ఆ మాలకు గింజ తీయకండి. ప్రతి మాలకూ మేరువు దగ్గర మాల తిప్పుకుంటాం కాబట్టి ముళ్ళ వరస మారుతూ ఉంటుంది, అది తప్పు కాదు. వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది, ఆ తర్వాత ముళ్ళు తీసేయవచ్చు. పిన్నమ్మ మాత్రం తీయనంటోంది.

అసలు పరిష్కారం: మధ్యలో లేవాల్సి వస్తే ఆ మాలను వదిలేసి, వచ్చాక మేరువు నుంచి మొదలుపెట్టడం. పైట సర్దుకోవడం లాంటి చిన్న పనులు ఎడమ చేత్తో చేయండి, కుడిచేతి బొటనవేలు పూస మీదే ఉండాలి.

ఇక్కడే కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. మాల జారేది ఎక్కువగా చెయ్యి ఒళ్ళో పడినప్పుడు. చెయ్యి గుండె దగ్గర ఉంచి, మాల మధ్యవేలి మీద వేసుకుని, బొటనవేలితో పూసను మీ వైపు లాక్కోండి, చూపుడువేలు తగలనివ్వకండి. పది నిమిషాలకే చెయ్యి వాలిపోతోందంటే చాలాసార్లు నడుము వంగడమే కారణం. దుప్పటి నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకుంటే మోకాళ్ళు కిందికి దిగుతాయి, వెన్ను దానంతటదే లేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చోవచ్చు.

దారం వదులైతే ఒక్క లాగుకు రెండు పూసలు వస్తాయి. మాలను మేరువు పట్టుకుని వేలాడదీయండి. మేరువు పక్కన పూస పట్టేంత దారం బయటపడితే మళ్ళీ గుచ్చించాలి, పూసకూ పూసకూ మధ్య ముడి వేయించుకుంటే ఇంకా మంచిది. రుద్రాక్ష గరుకుదనానికి వేలు ఒరుసుకుపోవడం, తడి చేత్తో పూసలు అతుక్కోవడం లాంటివి అరుదు. చెయ్యి తుడుచుకుంటే, పూసలు కాస్త నునుపయ్యేదాకా వాడితే అవి పోతాయి.