రాకెట్ లెక్కలు, 5వ పాఠం: ఆ సెకన్లు గడియారం సెకన్లు కావు

పోయిన పాఠం చివర ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. స్పేస్ షటిల్ మెయిన్ ఇంజన్ స్పెసిఫిక్ ఇంపల్స్ శూన్యంలో 452 సెకన్లు, పక్కనున్న ఘన ఇంధన బూస్టర్‌ది 268 సెకన్లు. ఈ అంకెలకు అర్థం మీ మాటల్లో రాయమన్నాను. సగానికి పైగా జవాబులు ఒకటే: "మెయిన్ ఇంజన్ 452 సెకన్లు మండుతుంది, బూస్టర్ 268 సెకన్లు మండుతుంది."

ఇందులో నా తప్పూ ఉంది. షటిల్ మెయిన్ ఇంజన్లు నిజంగానే దాదాపు ఎనిమిదిన్నర నిమిషాలు, అంటే 510 సెకన్లు మండేవి. 452 దానికి దగ్గరగా కనిపించేసరికి మీరు సరిపెట్టుకున్నారు. బూస్టర్ మాత్రం 124 సెకన్లకే ఖాళీ అయ్యేది. 268కీ 124కీ పొంతన ఎక్కడ? అక్కడ అనుమానం రావాల్సింది. ఈ వారం బూస్టర్ లోపలి ఇంధనాన్ని ఏ ఆకారంలో పోత పోస్తారో చెబుదామనుకున్నాను. అది వచ్చేసారికి. ముందు ఈ సెకన్ల సంగతి తేలాలి.

ఒక కిలో ప్రొపెల్లెంట్ తీసుకోండి. దాన్ని సన్నగా, నిదానంగా మండిస్తూ సరిగ్గా ఒక కిలో బరువును మోసేంత థ్రస్ట్ మాత్రమే తీస్తున్నామనుకోండి. ఆ కిలో ఎంతసేపు వస్తుంది? ఆ జవాబే స్పెసిఫిక్ ఇంపల్స్. బూస్టర్‌లోని ఘన ప్రొపెల్లెంట్ అయితే 268 సెకన్లు మోస్తుంది, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ జోడీ అయితే 452 సెకన్లు. నిజం ఇంజన్ ఇలా నిదానంగా మండదు. అదే కిలోను రెప్పపాటులో మండించి వేల కిలోల థ్రస్ట్ తీస్తుంది. థ్రస్ట్ పెరిగినంత మేర సమయం తగ్గుతుంది, రెండిటి గుణకారం మారదు. అందుకే ఇంజన్ ఎంతసేపు మండిందన్నది ఈ అంకెలో ఎక్కడా లేదు.

కిలో అంటే ఇంధనం, ఆక్సిడైజర్ కలిపి. కొందరు హైడ్రోజన్ బరువుతో మాత్రమే భాగించి మూడు వేలు దాటిన జవాబు పంపారు. రాకెట్ ఆక్సిజన్‌ని కూడా తనే మోసుకెళ్లాలి కదా, దాన్ని ఎలా వదిలేస్తాం?

సూత్రం ఇది:

```
Isp = F / (m × 9.8)
```

F అంటే న్యూటన్లలో థ్రస్ట్, m అంటే సెకనుకు ఖర్చయ్యే ప్రొపెల్లెంట్ కిలోల్లో. మెయిన్ ఇంజన్ శూన్యంలో సుమారు 22,79,000 న్యూటన్ల థ్రస్ట్ ఇస్తూ సెకనుకు 514 కిలోలు తాగేది. భాగిస్తే 4,434. దాన్ని 9.8తో భాగిస్తే 452. మధ్యలో వచ్చిన 4,434 ఏమిటో గమనించారా? అది మంట వెనక్కి దూసుకుపోయే వేగం, సెకనుకు మీటర్లలో. నన్నడిగితే సెకన్ల గొడవ మానేసి అందరూ ఈ వేగమే రాసుకుంటే బాగుండేది. నేనైతే ఎక్కడ సెకన్లు కనబడ్డా మనసులో పదితో గుణించేసుకుంటాను. రెండు శాతం తేడా వస్తుంది, పోల్చి చూడ్డానికి అది చాలు.

ఇప్పుడు బూస్టర్. ఒక్కోదానిలో దాదాపు 500 టన్నుల ప్రొపెల్లెంట్ ఉండేది. 124 సెకన్లలో అయిపోయిందంటే సగటున సెకనుకు నాలుగు టన్నులు. స్పెసిఫిక్ ఇంపల్స్ 268 కాబట్టి మంట వేగం 2,626. గుణిస్తే సగటు థ్రస్ట్ కోటి న్యూటన్లు దాటుతుంది. పక్కపక్కన పెట్టి చూడండి: ఒక మెయిన్ ఇంజన్‌తో పోలిస్తే బూస్టర్ దాదాపు ఎనిమిది రెట్లు మింగి, నాలుగున్నర రెట్లు పైచిలుకు తోస్తుంది. ఆ ఎనిమిదికీ నాలుగున్నరకీ మధ్య ఉన్న తేడానే 452కీ 268కీ మధ్య ఉన్నది. "బూస్టర్ బలమైనది కాబట్టి దాని స్పెసిఫిక్ ఇంపల్స్ ఎక్కువుండాలి కదా" అన్నవాళ్లకు కూడా ఇదే జవాబు. బలం వేరు, పొదుపు వేరు.

మరి ఘన ప్రొపెల్లెంట్‌కి ఈ వెనుకబాటు ఎందుకు? వేడి తక్కువని చాలామంది ఊహిస్తారు. కాదు. రెండిట్లోనూ మంట మూడు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, పెద్ద తేడా లేదు. తేడా బయటికొచ్చే పదార్థంలో ఉంది. మెయిన్ ఇంజన్‌లోంచి వచ్చేది నీటి ఆవిరి, దాంతోపాటు మండకుండా మిగిలిన కొంత హైడ్రోజన్. ఆ హైడ్రోజన్‌ని కావాలనే మిగులుస్తారు. పూర్తిగా మండాలంటే ఒక వంతు హైడ్రోజన్‌కి బరువులో ఎనిమిది వంతుల ఆక్సిజన్ కావాలి, షటిల్‌లో ఆరు వంతులే ఇచ్చేవారు. తేలికైన అణువులు అదే వేడికి ఎక్కువ వేగంగా పరిగెడతాయి.

బూస్టర్‌లో ఉన్నది అమోనియం పెర్‌క్లోరేట్, రబ్బరులాంటి బైండర్, బరువులో 16 శాతం అల్యూమినియం పొడి. అల్యూమినియం మండితే వేడి బాగా పుడుతుంది, కానీ అది అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. లెక్క వేస్తే వెనక్కి పోయే మొత్తంలో 30 శాతం ఇదే. ఇది వాయువు కాదు, సన్నటి బొట్లు. వాయువు నాజిల్‌లో వ్యాకోచిస్తూ వేగం పుంజుకుంటుంది. బొట్లు వ్యాకోచించవు, వాయువే వాటిని ఈడ్చుకుపోవాలి. బూస్టర్ వెనక కనబడే ఆ దట్టమైన తెల్లటి పొగలో ఎక్కువ భాగం ఇదే. మెయిన్ ఇంజన్ మంట దాదాపు కనబడకపోవడానికి కారణం కూడా మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇంత దుబారా అయితే దాన్ని ఎందుకు వాడారు? స్పెసిఫిక్ ఇంపల్స్ కిలోల లెక్క చెబుతుంది, లీటర్ల లెక్క చెప్పదు. ద్రవ హైడ్రోజన్ లీటరు 71 గ్రాములే. ఆక్సిజన్‌తో ఆ ఆరుకి ఒకటి పాళ్లలో కలిపి చూసినా సగటున లీటరుకి 360 గ్రాములు. ఘన ప్రొపెల్లెంట్ లీటరు 1,750 గ్రాముల పైమాటే. అంటే ఒక్కో లీటరు ట్యాంకు నుంచి దక్కే తోపుడు ఘనంలోనే దాదాపు మూడు రెట్లు. నేల మీద నుంచి రెండు వేల టన్నులను లేపేటప్పుడు ముందు కావాల్సింది థ్రస్ట్, అదీ చిన్న చోటులోంచి. పొదుపు పైకి వెళ్లాక చూసుకోవచ్చు. ఆరిపోయిన బూస్టర్లను రెండు నిమిషాలకే వదిలేసి, మిగతా ఆరున్నర నిమిషాలూ హైడ్రోజన్ ఇంజన్లే నడిపించడంలోని మర్మం ఇదే. బూస్టర్‌ని ఒకసారి వెలిగిస్తే ఆర్పడం కుదరదన్నది వేరే బాధ, దాన్ని ఆకారాల పాఠంలో చూద్దాం.

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టమైనది. ఒక చిన్న ఘన మోటార్‌ని టెస్ట్ స్టాండ్ మీద బిగించి మండించారు. మండే ముందుకన్నా మండాక 24 గ్రాములు తగ్గింది. థ్రస్ట్ మొదటి 0.2 సెకన్లలో సున్నా నుంచి 40 న్యూటన్లకు, తర్వాతి ఒక సెకనులో 40 నుంచి 30కి, చివరి 0.5 సెకన్లలో 30 నుంచి సున్నాకి తిన్నగా మారింది. గ్రాఫ్ గీసి, కింది వైశాల్యం కట్టి, స్పెసిఫిక్ ఇంపల్స్ చెప్పండి. 195కీ 200కీ మధ్య రాకపోతే గ్రాములను కిలోల్లోకి మార్చారో లేదో చూసుకోండి. తర్వాత అదే 24 గ్రాములు, ప్రతి దశలో సగం థ్రస్ట్‌తో, రెట్టింపు సమయం మండిందనుకుని మళ్లీ కట్టండి. జవాబు మారితే మూడో పేరా ఇంకోసారి చదివి రండి.