టెక్నికల్ రిపోర్టు తిరగరాద్దాం, 3వ పాఠం: "సంతృప్తికరం" అంటే ఎన్ని మార్కులు?

టెండర్‌కి వచ్చిన బిడ్లకి మార్కులు వేసి కమిటీ రాసే రిపోర్టు గురించి మాట్లాడుకుంటున్నాం. పోయినసారి ఆ రిపోర్టులో "బాగుంది", "సంతృప్తికరం" లాంటి మాటలన్నింటి చుట్టూ ఎర్ర పెన్నుతో గీయమన్నాను కదా, ఇప్పుడు వాటి స్థానంలో ఏం రాయాలో చూద్దాం.

ఒక ఆఫీసు కంప్యూటర్ల మెయింటెనెన్స్ టెండర్ అనుకోండి (కేసు నేను అల్లిందే). సపోర్ట్ ఏర్పాట్లకి 15 మార్కులు. రాతపూర్వక ప్లాన్ ఉంటే 5, ఊళ్లోనే ఇద్దరు ఇంజనీర్లు ఉంటే 5, రాత్రి డ్యూటీకి మనిషిని పెడితే 5, లేకపోతే సున్నా అని టెండర్‌లోనే ఉంది. కమిటీ ఏం రాసిందంటే: "ఎ సంస్థ ప్లాన్ చాలా బాగుంది, 13. బి సంస్థది సంతృప్తికరం, 8."

అసలు 13, 8 ఎలా వచ్చాయి? ఐదేసి కలిపితే ఆ అంకెలు రానే రావు! ఇప్పుడు బి గురించి టెండర్ మాటల్లోనే, బిడ్ పేజీ నంబర్లతో తిరగరాద్దాం: "ప్లాన్ 41వ పేజీలో ఉంది, 5. ఊళ్లో ఇద్దరు ఇంజనీర్ల వివరాలు 44వ పేజీలో ఉన్నాయి, 5. రాత్రికి ఫోన్ నంబర్ ఇచ్చారు గానీ మనిషిని పెడతామని ఎక్కడా రాయలేదు, 0. మొత్తం 10." అంటే 2 మార్కులు ఊరికే కోశారన్నమాట.

ఇక్కడితో ఆగొద్దు. ఒక్కో సంస్థ రిపోర్టు మొదటి నుంచి చివరి దాకా చదివితే తేడాలు కనపడవు, ఒకే అంశం మీద అందరికీ ఏం రాశారో పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అలా చూస్తే ఎ కూడా మొదటి రెండూ ఇచ్చి, రాత్రికి ఫోన్ నంబరే ఇచ్చింది, కానీ దానికి 3 పడ్డాయి. ప్రెజెంటేషన్ అదరగొట్టారేమో, నాకైతే అదే అనుమానం. ఎ కి కూడా రావాల్సింది 10.

రిపోర్టు రాసేవాళ్లు ఈ అంకెల్ని గుట్టుగా సరిచేయకూడదు. కమిటీ ముందు పెట్టి, పాత మార్కు, కొత్త మార్కు, కారణం, తేదీ రాసి సంతకాలు తీసుకోవాలి, అదీ ప్రైస్ బిడ్లు తెరవకముందే. తెరిచాక తప్పు కనపడితే మార్కులు ముట్టుకోకుండా ఫైల్లో పై అధికారికి రాయండి. టెండర్‌లో లేని కొత్త కొలతని అయితే ఎప్పుడూ తేకూడదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 173వ నియమం ప్రకారం బిడ్డర్ అడిగితే తన బిడ్‌ని ఎందుకు తిరస్కరించారో చెప్పాలి. మొహిందర్ సింగ్ గిల్ కేసులో (1978) సుప్రీంకోర్టు ఏమందంటే, ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్తవి చేర్చి నిలబెట్టడం కుదరదు.

హోంవర్క్: మీ రిపోర్టులో ఒక పేరా తీసుకుని, మార్కుని కాగితంతో మూసి, మీటింగ్‌కి రాని కొలీగ్‌కి టెండర్ షరతుతో పాటు ఇవ్వండి. వాళ్లు వేసిన మార్కు మీ మార్కుతో కలవకపోతే ఆ రెండూ వచ్చేసారికి దగ్గర పెట్టుకోండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.