ఏసీలు వేసే నెలలకు ముందే సబ్ మీటర్ లెక్క సరిచూసుకోండి

ఒకే మెయిన్ మీటర్, పోర్షన్‌కో సబ్ మీటర్ ఉన్న ఇంట్లో బిల్లు తక్కువ వచ్చే నెలల్లో ఎవరూ లెక్క అడగరు. వేడి మొదలై ఏసీలు వేశాక బిల్లు పెరుగుతుంది, అప్పుడు "కామన్" అని రాసిన అంకె మీద గొడవ మొదలవుతుంది. అందుకే వాడకం పెరగకముందే ఒక నెల లెక్కను పూర్తిగా వేసి చూసుకోండి.

ముందు రీడింగ్ రోజు సంగతి. బిల్లులో మెయిన్ మీటర్ రీడింగ్ ఏ తేదీన తీశారో ఉంటుంది, సబ్ మీటర్లన్నీ ఆ రోజే, వీలైతే ఆ పూటే చూడాలి. అన్ని మీటర్లకూ ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి. పాత తిరిగే అంకెల మీటరైతే చివర ఎర్ర గడిలో ఉండేది యూనిట్‌లో పదో వంతు, దాన్ని కలిపి చదివితే లెక్క పది రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మెయిన్ మీటర్ పోయిన నెల 18240, ఈ నెల 18930, అంటే 690 యూనిట్లు. మూడు పోర్షన్ల సబ్ మీటర్లలో 210, 165, 240 తిరిగాయి, మొత్తం 615. తేడా 75. సాధారణంగా ఈ 75ని కామన్ అని రాసేసి ముగ్గురికీ పంచేస్తారు. ఇక్కడే ఆగి చూడండి, ఎందుకంటే ఆ 75 ఎవరూ కొలిచింది కాదు, తీసివేతలో మిగిలింది, అందులో కామన్ వాడకంతో పాటు మీటర్ల తప్పులు, రీడింగ్ తప్పులు అన్నీ కలిసిపోయి ఉంటాయి.

మెట్ల దగ్గర, బయట కలిపి 9 వాట్ల బల్బులు ఆరు, రాత్రంతా 12 గంటలు వెలిగితే నెలకు 19 యూనిట్లు దాటుతుంది. ఒక హెచ్‌పీ మోటారు గంటకు ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుంది, రోజుకు ముప్పావు గంట వేస్తే నెలకు 22 పైన. రెండూ కలిపి 42. మీటర్ల మధ్య చిన్న తేడాలకు, వైర్లలో పోయేదానికి ఒకటి రెండు శాతం వదిలేస్తే ఇంకో 7 నుంచి 14. అయినా దాదాపు 20 యూనిట్లకు లెక్క దొరకదు.

ఇంత తేడాకు ఒక్క రోజు చాలు. ఈ మూడు పోర్షన్లు కలిసి రోజుకు 20 యూనిట్ల పైనే వాడుతున్నాయి, కాబట్టి ఈ నెల సబ్ మీటర్లను ఒక రోజు ముందు చూసి ఉంటే ఆ రోజు వాడకమంతా కామన్‌లోకి వెళ్లిపోతుంది. వచ్చే నెల సరైన రోజున చూస్తే కామన్ అంతే తగ్గుతుంది కదా అనొచ్చు. తగ్గుతుంది, కానీ ఏసీ వేసినవాళ్ల యూనిట్లను ఈ నెల ఏసీ లేనివాళ్లు కూడా సమానంగా కట్టేసి ఉంటారు. నెలనెలా కామన్ అంకె ఎగిరి పడుతుంటే తేదీలనే ముందు అనుమానించండి. తేదీలు కలిసినా తేడా ప్రతి నెలా అలాగే ఉంటే ట్యాంకు కారి మోటారు ఎక్కువసేపు తిరుగుతోందా, ఏదైనా సబ్ మీటర్ నెమ్మదిగా తిరుగుతోందా అని చూడాలి.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంటుంది: కామన్ మోటారు కనెక్షన్ ఎవరో ఒకరి సబ్ మీటర్ మీద ఉండటం. మీ పోర్షన్ మెయిన్ స్విచ్ ఆపి, మోటారు, మెట్ల లైట్లు వేయించండి. మీ సబ్ మీటర్ మీద చిన్న లైటు మిణుకుతున్నా, మోటారు అసలు స్టార్ట్ కాకపోయినా ఆ లోడ్ మీ మీదే ఉన్నట్టు. బోర్డు మాత్రం మీరు విప్పకండి, అది ఎలక్ట్రీషియన్ పని.

ఇక డబ్బు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబులుంటే పై స్లాబు రేటుతో అందరికీ లెక్క కట్టడం తప్పు, బిల్లు కంటే ఎక్కువ వసూలవుతుంది. బిల్లులో కరెంటు వాడకానికి వేసిన మొత్తాన్ని 690తో భాగించండి, అదే మీ రేటు. 615తో భాగించారంటే కామన్ ఖర్చు రేటులోనే కలిసిపోయినట్టు, ఆ పైన కామన్ అని మళ్లీ వసూలు చేస్తే ఆ 75 యూనిట్లకు రెండోసారి కడుతున్నారు. ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే, చూడగానే తెలియదు కూడా.

కామన్ సమానంగా పంచుకుంటే తలా 25, అంటే 235, 190, 265. కూడితే 690 రావాలి, వచ్చింది. ఫిక్స్‌డ్ చార్జీ విడిగా మూడు భాగాలు చేయండి. పాత బకాయి, ఆలస్య రుసుము ఉంటే ఎవరివల్ల వచ్చిందో వాళ్లకే వేయాలి, వాటిని యూనిట్ రేటులో కలపకూడదు. చివరికి ముగ్గురి దగ్గర తీసుకునే మొత్తాన్ని కూడి బిల్లు మొత్తం పక్కన పెట్టండి, పైసల సవరణకు మించి తేడా వస్తే డబ్బు కట్టకముందే అడగండి.