స్కూల్ వ్యాన్ ఫీజు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రద్దు: దరఖాస్తు విధానం

ఇల్లు మారారు, లేదా భార్యాభర్తలు వేరయ్యారు, లేదా ఉద్యోగం పోయింది. పిల్లకి ఇక వ్యాన్ అక్కర్లేదు. డ్రైవర్‌కి చెప్పేశాం కదా అనుకుంటారు గానీ, నెల తిరగ్గానే ఖాతాలోంచి ఫీజు మళ్లీ వెళ్తుంది. వ్యాన్ మానేయడం వేరు, బ్యాంకులో ఇచ్చిన ఆదేశాన్ని ఆపడం వేరు. రెండూ మీరే చేయాలి.

ముందుగా ఆ ఆదేశం ఎక్కడుందో చూడండి. మీ ఖాతా నుంచి పంపమని బ్యాంకుకి మీరే చెప్పి ఉంటే అది స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. యాప్‌లో గానీ బ్రాంచిలో గానీ ఆపేయొచ్చు. డబ్బు తీసుకునే హక్కు స్కూలుకి రాసిచ్చి ఉంటే అది మాండేట్. దాన్ని బ్యాంకులో రద్దు చేయించి, స్కూలుకీ రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే వాళ్లు బకాయి ఉందంటారు. దరఖాస్తుపై ఖాతాదారే సంతకం చేయాలి. ఖాతా తండ్రిదైతే, పిల్ల తల్లి దగ్గరే ఉంటున్నా, తల్లి దరఖాస్తు చెల్లదు. ఖాతాదారు చనిపోయి ఉంటే మాత్రం ముందు ఆ సంగతి బ్యాంకుకి తెలపాలి.

ఎక్కువమంది తప్పేది తేదీల దగ్గరే. ఉదాహరణకి ఫీజు ప్రతి నెల 5న ఆ నెలకే ముందుగా వెళ్తోంది, వ్యాన్ మార్చి 31 వరకు కావాలి, ఒప్పందంలో నెల నోటీసు ఉంది అనుకుందాం. స్కూలుకి ఉత్తరం ఫిబ్రవరి ఆఖరుకల్లా ఇవ్వాలి. చివరి డెబిట్ మార్చి 5. అది పడ్డాకే బ్యాంకులో రద్దు పెట్టండి, ముందే పెడితే మార్చి ఫీజు ఆగిపోతుంది. అలాగని ఏప్రిల్ 4 దాకా ఆగొద్దు. బ్యాంకులు సాధారణంగా కొన్ని పని దినాల గడువు అడుగుతాయి కాబట్టి మార్చి రెండో వారమే మేలు. ఫీజు నెల గడిచాక వసూలు చేసే పద్ధతైతే చివరి డెబిట్ ఏప్రిల్ 5న పడుతుంది, రద్దు ఆ తర్వాత. అందుకే రసీదు మీద ఏ నెలకని రాసుందో ముందు చూసుకోండి.

దరఖాస్తులో ఖాతా నంబరు, ఇన్‌స్ట్రక్షన్ రిఫరెన్స్ నంబరు, డబ్బు ఎవరికి వెళ్తోంది, మొత్తం, ఏ తేదీ డెబిట్ నుంచి ఆపాలి అన్నవి ఉండాలి. ‘వ్యాన్ ఫీజు ఆపగలరు’ అని మాత్రమే రాస్తే, అదే స్కూలుకి వెళ్లే ట్యూషన్ ఫీజు ఆదేశం ఆపేసినా ఆశ్చర్యం లేదు. ముద్ర వేసిన నకలు అడిగి తీసుకోండి. యాప్‌లో చేస్తే ‘తాత్కాలికంగా నిలిపివేత’ నొక్కకండి, గడువు అవగానే అది మళ్లీ మొదలవుతుంది.

ఖాతాలో డబ్బు లేకుండా ఉంచి ఆపేద్దామనుకోవడం మంచిది కాదు. డెబిట్ వెనక్కి తిరిగితే జరిమానా పడొచ్చు, ఆదేశం మాత్రం అలాగే ఉంటుంది. ఏప్రిల్ 5 సెలవు రోజైతే డెబిట్ మర్నాడు రావచ్చు, కాబట్టి స్టేట్‌మెంట్ ఆ వారమంతా చూడండి. రద్దు చేశాక కూడా పడితే ముద్ర వేసిన నకలు జతచేసి బ్యాంకులో వెంటనే ఫిర్యాదు ఇవ్వండి.